ఎఫ్‌ఎస్‌ఎల్ వాయిస్ రిపోర్టులో "ప్రాబబుల్" అని ఎందుకు రాస్తారు?

ప్రశ్న: మా బావగారి మీద బెదిరింపు కాల్ కేసు పెట్టారు. ఫోన్ రికార్డింగ్‌లో ఉన్న గొంతునీ, ఆయన దగ్గర తీసుకున్న శాంపిల్‌నీ పోల్చి ఫోరెన్సిక్ ల్యాబ్ ఎఫ్‌ఎస్‌ఎల్ వాళ్లు "ప్రాబబుల్" అని రాసిచ్చారు. గొంతు కూడా వేలిముద్ర లాంటిదే అంటారు కదా, మరి అవునో కాదో ఎందుకు తేల్చరు? అసలు అక్కడ ఏం కొలుస్తారు?

జవాబు:

గొంతు వేలిముద్ర లాంటిది కాదండీ. అందుకే తేల్చలేదు. ఒకవేళ "నూటికి నూరు శాతం ఆయన గొంతే" అని రాసి ఉంటే, నేనైతే ఆ రిపోర్టును ఇంకా ఎక్కువ అనుమానించేవాణ్ణి. ల్యాబ్ చెప్పగలిగింది ఒక్కటే. ఈ రెండు రికార్డింగుల మధ్య కనబడిన పోలిక, మాట్లాడింది ఒకే మనిషి అయితే ఎంత సహజం? అదే ఊరి వైపు మాట్లాడే వేరే మగవాడైతే ఎంత సహజం? మొదటిది రెండోదానికంటే ఎంత ఎక్కువో చెప్పడంతో మా పని అయిపోతుంది. ఆయనే చేశాడా లేదా అన్నది కోర్టు మిగతా సాక్ష్యంతో కలిపి చూసుకోవాల్సిన విషయం.

నేను చాలా ఏళ్లు ఒక ప్రభుత్వ ల్యాబ్‌లో వాయిస్ కేసులు చూశాను, ఇప్పుడు బయట అభిప్రాయాలు ఇస్తుంటాను. మీ రిపోర్టు చూడకుండా మీ కేసు గురించి ఏమీ చెప్పలేను. కానీ లోపల ఏం జరుగుతుందో చెబితే, ఆ రిపోర్టు ఎలా చదవాలో మీకూ మీ లాయరుకూ తెలుస్తుంది.

ముందు ఆ వేలిముద్ర మాట ఎక్కడిదో చెప్పేస్తాను. 1962లో బెల్ ల్యాబ్స్‌కి చెందిన లారెన్స్ కెర్స్టా "వాయిస్‌ప్రింట్" అనే పేరుతో నేచర్ పత్రికలో ఒక వ్యాసం వేశాడు. గొంతును స్పెక్ట్రోగ్రామ్ అనే బొమ్మగా గీసి, రెండు బొమ్మల్ని కంటితో పోల్చి మనిషిని గుర్తుపట్టొచ్చన్నాడు, అదీ 99 శాతం పైచిలుకు కచ్చితత్వంతో. పోలీసులకి అది బాగా నచ్చింది. తర్వాత ఎఫ్‌బీఐ అడిగితే అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఒక కమిటీ వేసింది. నిజమైన కేసుల పరిస్థితుల్లో ఈ పద్ధతి ఎన్నిసార్లు తప్పుతుందో చెప్పడానికి సరైన ఆధారం లేదని 1979లో ఆ కమిటీ తేల్చింది. 2007లో ఫోరెన్సిక్ ఫొనెటిక్స్ వాళ్ల అంతర్జాతీయ సంఘం ఐఏఎఫ్‌పీఏ కూడా, బొమ్మల్ని కంటితో పోల్చే ఆ పద్ధతికి శాస్త్రీయ పునాది లేదని తీర్మానం చేసింది. పద్ధతి పోయింది గానీ పేరు మాత్రం సినిమాల్లోనూ పేపర్లలోనూ ఉండిపోయింది.

వేలిముద్ర చర్మం మీద ఉండే గీత. నిన్న ఉన్నదే రేపూ ఉంటుంది. గొంతు అలా కాదు, అది మనిషి చేసే పని. నడకతో పోల్చుకోండి. దూరం నుంచి నడక చూసి మనవాణ్ణి గుర్తుపడతాం, కానీ అదే మనిషి బరువు మోస్తూ ఒకలా, బస్సు అందుకోవడానికి ఇంకోలా నడుస్తాడు. ఒకే మనిషి "నీకు" అనే మాటను పదిసార్లు అంటే, పదిసార్లూ కొలతలు వేరుగా వస్తాయి. కాబట్టి ప్రతి పోలికలోనూ మేం అడగాల్సిన ప్రశ్న ఇది: రెండు రికార్డింగుల మధ్య కనబడే తేడా ఒకే మనిషి లోపల వచ్చే తేడా అంతేనా, లేక ఇద్దరు మనుషుల మధ్య వచ్చే తేడా అంతా? ఈ రెండు తేడాలూ ఒకదాని మీదికి ఒకటి చాలా దూరం పాకుతాయి. నిశ్చయంగా చెప్పలేకపోవడానికి అసలు కారణం అదే.

ఒక కేసు చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. మనుషుల్ని, ఊరిని గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను.

ఒక రైస్ మిల్లు యజమానికి రాత్రిపూట డబ్బు ఇవ్వమని బెదిరింపు కాల్ వచ్చింది. ఆయన ఫోన్‌లో కాల్ రికార్డింగ్ ఆన్‌లో ఉంది. కాల్ నిమిషం పైన ఉంది గానీ, యజమాని మాటలు, మధ్యలో మౌనం, ఇద్దరూ ఒకేసారి అరిచిన చోట్లు తీసేస్తే బెదిరించిన వాడి మాట ముప్పై సెకన్లు మిగిలింది. అనుమానితుడు మిల్లులో పని మానేసిన ఒక డ్రైవర్. ఇక్కడే మొదటి చిక్కు. ల్యాబ్‌కి మొదట వచ్చింది ఒక సీడీ. అందులో ఉన్నది, యజమాని ఫోన్‌లో ప్లే చేస్తుండగా పక్కన ఇంకో ఫోన్ పెట్టి రికార్డు చేసిన ఆడియో. గది ప్రతిధ్వని, ఫ్యాన్ చప్పుడు, స్పీకర్ గరగర అన్నీ గొంతు మీద కూర్చున్నాయి. అలాంటిదాని మీద కొలతలు తీస్తే గొంతుతో పాటు ఆ గదిని కూడా కొలిచినట్టే. ఒరిజినల్ ఫోన్ తెప్పించాకే పని మొదలైంది.

మొదటి పని చెవితోనే. రికార్డింగ్‌ను పదే పదే విని, పలికింది పలికినట్టు రాసుకుంటాం. తర్వాత రెండు వైపులా ఉన్న ఒకే మాటల్ని, ఒకే అచ్చుల్ని ఏరుకుంటాం. ఈ కేసులో "నీకు", "రాత్రి", "డబ్బులు", "తీస్కరా" లాంటివి దొరికాయి. ఆ తర్వాతే కొలతలు. అందరూ ముందు అడిగేది స్థాయి గురించి, అంటే స్వరతంత్రులు సెకనుకి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయన్నది. మగవాళ్లలో మామూలు మాటకి ఇది సుమారు 100 నుంచి 130 హెర్ట్జ్ దగ్గర, ఆడవాళ్లలో 200 ప్రాంతంలో ఉంటుంది. బెదిరింపు కాల్‌లో సగటు 168 వచ్చింది. డ్రైవర్ ల్యాబ్‌లో కూర్చుని కాగితం చూసి చదివితే 118. చూడగానే "వేరే మనిషి" అనిపిస్తుంది కదా. కానీ కాల్ చేసినవాడు అరుస్తున్నాడు, వీడు తలొంచుకుని చదువుతున్నాడు. అరిస్తే ఎవరికైనా స్థాయి పెరుగుతుంది. ఆయన్నే నిలబెట్టి, ఫోన్ చేతికిచ్చి, దూరంగా ఉన్నవాడితో గట్టిగా మాట్లాడమంటే 150 దాటింది. అంటే ఈ కొలత ఆయనకి వ్యతిరేకంగానూ చెప్పలేదు, అనుకూలంగానూ చెప్పలేదు. ఇది దాదాపు ప్రతి కేసులోనూ జరిగేదే. కోపం, జలుబు, మందు, నిద్రమత్తు, పక్కన ట్రాఫిక్ రొద, అన్నిటికీ స్థాయి కదిలిపోతుంది. తేలిగ్గా కొలవగలిగేది, బలం తక్కువున్నదీ ఇదే.

ఇంతకంటే పనికొచ్చేవి ఫార్మెంట్లు. స్వరతంత్రుల దగ్గర పుట్టిన ధ్వని గొంతు, నోరు అనే గొట్టంలోంచి బయటికొస్తుంది. ఆ గొట్టం పొడవు, నాలుక పెట్టిన తీరు బట్టి కొన్ని పౌనఃపున్యాలు బలపడతాయి. స్పెక్ట్రోగ్రామ్‌లో అవి నల్లటి అడ్డపట్టీల్లా కనిపిస్తాయి. కింది నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడతాం. మొదటి రెండూ ముఖ్యంగా అది ఏ అచ్చో చెబుతాయి. "ఆ" పలికితే నోరు తెరుచుకుంటుంది కాబట్టి మొదటి పట్టీ పైకి, మగవాళ్లలో 700 ప్రాంతానికి వెళుతుంది. "ఈ" పలికితే మొదటిది 300 దగ్గరికి దిగిపోయి, రెండోది 2200 ప్రాంతానికి ఎగురుతుంది. మూడోది, నాలుగోది మాత్రం అచ్చు కంటే మనిషి గొంతు గొట్టం ఆకారాన్ని ఎక్కువ పట్టిస్తాయి. అందుకే పోలికలో మాకు వాటి మీద ఆశ ఎక్కువ.

ఆ ఆశ మీద ఫోన్ నీళ్లు చల్లుతుంది. 4జీ హెచ్‌డీ కాల్ కాని మామూలు ఫోన్ కాల్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. మగవాళ్ల నాలుగో ఫార్మెంట్ తరచుగా 3400 చుట్టూనో ఆ పైనో ఉంటుంది కాబట్టి అది చాలాసార్లు చేతికే రాదు. కింది వైపు ఇంకా తంటా. "ఈ" మొదటి ఫార్మెంట్ సరిగ్గా 300 అంచున ఉంటుంది. అంచున కోత పడటంతో దాని కింది భాగం పోయి, కొలత అసలు ఉన్నదానికంటే పైకి జరుగుతుంది. దీన్ని జర్మనీకి చెందిన కున్జెల్ 2001లో గట్టిగా హెచ్చరించాడు. 2004లో బర్న్, ఫౌల్క్స్ అనే ఇద్దరు ఒకే మాటల్ని నేరుగానూ మొబైల్ గుండానూ రికార్డు చేసి చూస్తే, మొబైల్ వైపు మొదటి ఫార్మెంట్ సగటున 29 శాతం ఎక్కువగా వచ్చింది. మనిషి ఒకడే, మాట ఒకటే, తేడా అంతా ఫోన్‌దే.

మరి మగవాళ్ల స్థాయి 120 హెర్ట్జ్ అయితే, 300 కింద ఫోన్ పంపదు కదా, అదెలా కొలిచారని అడగొచ్చు. మంచి ప్రశ్నే. 120 హెర్ట్జ్ పోయినా దానికి మూడింతలు, నాలుగింతలు అయిన 360, 480 లాంటివి ఫోన్‌లోంచి వస్తాయి. వాటి మధ్య ఎడం 120 ఉంటుంది కాబట్టి అసలు స్థాయి లెక్కకొస్తుంది. మన చెవి కూడా ఫోన్‌లో ఆ పనే చేస్తుంది.

కాబట్టి డ్రైవర్‌ని మంచి మైకు ముందు కూర్చోబెట్టి తీసిన శాంపిల్‌ను కాల్ రికార్డింగ్‌తో నేరుగా పోల్చడం తప్పు. ఆయన మాటని కూడా ఫోన్ గుండానే తెప్పించాలి, ఒక చోట మాట్లాడించి ఇంకో చోట కాల్ రికార్డింగ్‌లో పట్టుకోవాలి. అలా తీశాక చూస్తే "ఈ" రెండో ఫార్మెంట్ కాల్‌లో 2150, శాంపిల్‌లో 2180. మూడోది రెండు వైపులా 2750 చుట్టూ. "ఆ" మొదటి ఫార్మెంట్ కాల్‌లో 780, శాంపిల్‌లో 720. ఈ 60 తేడాకి అరుపు సరిపోతుంది, ఎందుకంటే గట్టిగా అరిస్తే దవడ ఎక్కువ తెరుచుకుని మొదటి పట్టీ పైకి పోతుంది. మొత్తం మీద కొలతలు దగ్గర దగ్గరగా ఉన్నాయి.

దర్యాప్తు అధికారి ఇక్కడే "కలిసింది కదా సార్, రాసేయండి" అంటాడు. కొన్ని రిపోర్టులు నిజంగానే ఇక్కడే ఆగిపోతాయి. కానీ ఇది సగం పనే. రెండు కొలతలు దగ్గరగా ఉండటం ఒక సంగతి. ఆ కొలతలు ఆ ప్రాంతంలో ఎంత మందికి ఉంటాయన్నది ఇంకో సంగతి. "ఈ" రెండో ఫార్మెంట్ 2150, మూడోది 2750 అన్నవి తెలుగు మగవాళ్లలో ఏమంత అరుదు కాదు. అందరికీ ఉండే కొలత కలిస్తే దాని విలువ చాలా తక్కువ. ఎవరికో గానీ ఉండని కొలత కలిస్తే విలువ ఎక్కువ. ఏది అరుదో, ఏది మామూలో తెలియాలంటే అదే ప్రాంతం, అదే వయసు, అదే రకం ఫోన్ మీద మాట్లాడిన చాలామంది రికార్డింగులు పోలిక కోసం ఉండాలి. ఇంగ్లండ్‌లో 100 మంది యువకుల గొంతులతో ఇలాంటి సేకరణ చేసి, స్థాయి దగ్గర్నుంచి ఫార్మెంట్ల దాకా లెక్కలు ప్రచురించారు. మన దగ్గర శ్రీకాకుళం మగవాళ్లకి, నల్లగొండ మగవాళ్లకి వేర్వేరుగా అలాంటి పట్టికలు ముందేసుకుని పనిచేసే అవకాశం ల్యాబ్‌లో కూర్చున్నవాడికి ఉండదు. పాత కేసుల అనుభవం మీద అంచనా వేస్తాడు. "ప్రాబబుల్" అన్న మాట వెనక చాలాసార్లు ఉన్నది ఈ అంచనాయే.

ఇక కొలతల్లో పడనివి, చెవికి దొరికేవి ఉంటాయి. యాస, మాట అలవాట్లు. నా మట్టుకు నాకు తెలుగు కేసుల్లో ఇవే ఎక్కువ పనికొచ్చాయి. మిల్లు కేసులో కాల్ చేసినవాడు "చెప్పిన" అనకుండా "సెప్పిన" అన్నాడు, "చంపుత" అనకుండా "సంపుత" అన్నాడు. మాట మొదట్లో చ వచ్చిన దాదాపు ప్రతి చోటా స పలికాడు. ళ దగ్గర ల. "అయితే"ని "ఐతే మల్ల" అని సాగదీసి, ప్రతి బెదిరింపు చివరా "సమజైందా" అన్నాడు. డ్రైవర్ కాగితం చదివినప్పుడు ఇవేవీ లేవు. "చెప్పాను" అని రాసి ఉంది, "చెప్పాను" అనే చదివాడు. కాగితం చూసి చదివితే మనందరం కొంచెం టీవీ న్యూస్ తెలుగు మాట్లాడతాం. ఊరి జాతర గురించి, పాత బండి గురించి మాటల్లో పెడితే ఐదు నిమిషాల్లో "సెప్పిన" బయటికొచ్చింది. శాంపిల్ అంటే చదివించడం ఒక్కటే కాదు, మాట్లాడించడం కూడా అని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక్కడ చట్టం సంగతి రెండు ముక్కలు. వాయిస్ శాంపిల్ ఇవ్వమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చని సుప్రీంకోర్టు 2019 ఆగస్టు 2న రితేష్ సిన్హా కేసులో చెప్పింది. ఇప్పుడైతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 349వ సెక్షన్‌లో వాయిస్ శాంపిల్ అని స్పష్టంగానే ఉంది. చదివించే పాఠంలో వివాదాస్పద సంభాషణలోని మాటలు ఉండొచ్చు గానీ, నేరాన్ని తన నోటితో అనిపించినట్టుండే ఆ వాక్యాల్నే చదివించకూడదని 2016లో సుధీర్ చౌదరి కేసులో కోర్టు గీత గీసింది. మాకు దానివల్ల ఇబ్బందేమీ లేదు, మాటలు దొరికితే చాలు.

మళ్లీ మిల్లు కేసుకి వద్దాం. ఇప్పటిదాకా చూస్తే ఫార్మెంట్లు దగ్గరగా ఉన్నాయి, యాస కలిసింది, ఊతపదం కూడా డ్రైవర్ మాటల్లో దొరికింది. ఇది ఎంత బలమైన సాక్ష్యం? లెక్క ఎలా ఉంటుందో చూపించడానికి అంకెలు ఊహించి చెబుతాను, ఇవి ఆ కేసువి కావు. కాల్ చేసింది డ్రైవరే అయితే ఇంత పోలిక కనబడే అవకాశం 80 శాతం అనుకుందాం. ఆ ప్రాంతంలో వేరే మగవాడైతే 10 శాతం అనుకుందాం. 80ని 10తో భాగిస్తే 8. అంటే వేరేవాడు అనే దానికంటే డ్రైవర్ అనే దానికి ఈ సాక్ష్యం 8 రెట్లు బలం ఇస్తుంది. మా భాషలో దీన్ని లైక్లీహుడ్ రేషియో అంటారు.

ఎనిమిది రెట్లు అంటే చాలామందికి "ఎనభై, తొంభై శాతం ఆయనే" అని వినబడుతుంది. అది కాదు. ఆ కాల్ చేసే వీలున్న మగవాళ్లు డ్రైవర్‌తో కలిపి 200 మంది అనుకుంటే, గొంతు వినక ముందు డ్రైవర్ వైపు 1, మిగతా వైపు 199. గొంతు సాక్ష్యం తర్వాత 8కి 199. అంటే డ్రైవరే అనే అవకాశం సుమారు 4 శాతం. అదే ఆ సిమ్ వాడేది ముగ్గురేనని కాల్ డేటా చెబితే, 1కి 2 కాస్తా 8కి 2 అవుతుంది, అంటే 80 శాతం. గొంతు అదే, కొలతలు అవే, నా రిపోర్టు అదే. మారింది మిగతా సాక్ష్యం. ఆ మిగతా సాక్ష్యం నా చేతిలో ఉండదు, ఉండకూడదు కూడా. అందుకే "ఆయనే అనే అవకాశం ఇంత శాతం" అని వాయిస్ నిపుణుడు రాస్తే అది అతని పరిధి దాటిన మాట.

ఇంకో మెలిక ఉంది. ఆ సిమ్ వాడే వాళ్లలో ఒకడు డ్రైవర్ తమ్ముడు. అప్పుడు ఆ 10 శాతం అనే అంకె ఏమవుతుంది? అది ఊళ్లో ఎవరో ఒక మగవాడి గురించి వేసుకున్న లెక్క. అన్నదమ్ములకి గొంతు గొట్టం ఆకారం దగ్గరగా ఉంటుంది, యాస ఒకటే, ఊతపదాలు కూడా ఒకరి నుంచి ఒకరు పట్టుకుంటారు. తమ్ముడైతే ఇంత పోలిక కనబడే అవకాశం 10 కాదు, 60 కావచ్చు, 70 కావచ్చు. 80ని 70తో భాగిస్తే ఒకటికి కాస్త పైన. సాక్ష్యం దాదాపు సున్నా. మిల్లు కేసులో తమ్ముడి శాంపిల్ కూడా తెప్పించాం. ఫార్మెంట్లు మూడు వైపులా కలిసిపోయాయి. తమ్ముడు హైదరాబాద్‌లో చదివాడు కాబట్టి "చెప్పిన" అంటాడేమో, అక్కడ విడదీయొచ్చు అనుకున్నాం. మామూలుగా అలాగే అన్నాడు. కానీ ఇంటి నుంచి ఫోన్ వస్తే మాట్లాడనిచ్చి విన్నాం, "సెప్పిన" అన్నాడు. చివరికి రిపోర్టులో రాసింది ఇదీ: బయటి వ్యక్తి కంటే ఈ ఇద్దరిలో ఒకరు అనే దానికి రికార్డింగ్ ఒక మోస్తరు బలం ఇస్తుంది, ఇద్దరిలో ఎవరు అన్నది ఈ రికార్డింగ్‌తో విడదీయలేం. దర్యాప్తు అధికారికి అది అస్సలు నచ్చలేదు.

కాదు అని చెప్పడం మాత్రం కొన్నిసార్లు అవును అని చెప్పడం కంటే గట్టిగా కుదురుతుంది. 1984లో లాస్ ఏంజెలెస్‌లో పాన్ యామ్ విమాన సంస్థకి బాంబు బెదిరింపు కాల్స్ వచ్చాయి. న్యూయార్క్ నుంచి వచ్చిన ఒక ఉద్యోగిని అనుమానించి అరెస్టు చేశారు, అతను నెలల తరబడి జైల్లో ఉన్నాడు. కాలిఫోర్నియా వాళ్ల చెవికి ఆ టేపు "తూర్పు వైపు యాస"లా వినబడింది, వాళ్లకి తూర్పంతా ఒకటే. భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ టేపు విని, కాల్ చేసినవాడిది బోస్టన్ వైపు యాస అని, అనుమానితుడిది న్యూయార్క్ యాస అని తేల్చాడు. బోస్టన్ వాడికి "బాంబ్"లో అచ్చు, "ఆఫ్"లో అచ్చు ఒకటే. న్యూయార్క్ వాడికి అవి రెండు వేర్వేరు అచ్చులు, చిన్నప్పటి నుంచీ పాతుకుపోయినవి. కోపంలో బెదిరిస్తూ ఇంకో ఊరి అచ్చుల్ని అంత తు.చ. తప్పకుండా ఎవడూ పలకలేడు. ఫార్మెంట్ కొలతల చార్టులతో సహా అది కోర్టులో చూపించాక అతను నిర్దోషిగా బయటపడ్డాడు. యాస కలిసి ఉంటే మాత్రం అది ఇంత గట్టిగా "అతనే" అని చెప్పేది కాదు, ఎందుకంటే న్యూయార్క్ యాసతో లక్షల మంది ఉన్నారు.

ఈ మధ్య ల్యాబుల్లో ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మొత్తం మాటని చిన్న చిన్న ముక్కలు చేసి, గొంతు గొట్టం ముద్రని అంకెల వరసగా మార్చి, రెండు వరసల దగ్గరతనానికి ఒక స్కోరు ఇస్తాయి. మంచి రికార్డింగుల మీద అవి మనిషి చెవి కంటే బాగా పనిచేస్తాయి, నాకు వాటి మీద కోపమేమీ లేదు. చూడాల్సింది ఒక్కటే: మీ కేసు లాంటి పరిస్థితిలో, అంటే మొబైల్ కాల్, ముప్పై సెకన్లు, తెలుగు, అరుస్తున్న మనిషి, అలాంటి రికార్డింగుల మీద ఆ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి ఎన్ని తప్పులొచ్చాయో ల్యాబ్ దగ్గర లెక్క ఉందా? లేకపోతే స్కోరు 7 వచ్చిందన్నా, 70 వచ్చిందన్నా దానికి అర్థం చెప్పలేం. స్కోరు శాతం కాదు.

ఇప్పుడు మీ రిపోర్టు. లాయరుగారి దగ్గర పూర్తి కాపీ ఉంటే ముందు చూడాల్సినవి చెబుతాను. పోల్చిన ఆడియో ఎక్కడిది, ఒరిజినల్ ఫోన్‌లోంచి తీసిందా, ఎవరో కాపీ చేసి పంపిందా. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైల్ మారిందో లేదో పట్టిచ్చే హాష్ విలువ ఉంటుంది. ల్యాబ్ తీసుకున్న ఫైల్ హాష్ దానితో కలవాలి. తర్వాత, బెదిరించినవాడి మాట నికరంగా ఎన్ని సెకన్లు దొరికిందో రాశారా? శాంపిల్ ఎలా తీశారు, చదివించి మాత్రమేనా, మైకు ముందా ఫోన్ గుండానా? ఏ మాటలు పోల్చారో, కొలతలేమిటో అనుబంధంగా ఉన్నాయా, లేక "శ్రవణ, స్పెక్ట్రోగ్రాఫిక్ పరీక్షల్లో సారూప్యం కనబడింది" అన్న ఒక్క వాక్యమేనా? తేడాలు కనబడిన చోట్లు కూడా రాశారా? నేను చూసిన బలహీనమైన రిపోర్టులన్నిట్లోనూ పోలికలు పేజీ నిండా ఉంటాయి, తేడా ఒక్కటీ ఉండదు. ఒకే మనిషి రెండు రికార్డింగుల్లో కూడా తేడాలు తప్పకుండా ఉంటాయి కాబట్టి, తేడాలే లేవంటే వెతకలేదని అర్థం.

ఇంకొకటి. ల్యాబ్‌కి పంపిన లేఖలో "నిందితుడు నేరం ఒప్పుకున్నాడు" లాంటి వాక్యం ఉందేమో చూడండి. అది చదివి హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాడికి పోలికలు కొంచెం ముందుగానే వినబడతాయి. పోల్చేవాడికి కేసు కథ తెలియకుండా, ముద్దాయి గొంతు మధ్యలో అదే యాస వాళ్ల గొంతులు రెండు మూడు కలిపి ఇవ్వడం సరైన పద్ధతి. మన దగ్గర అది జరగడం తక్కువ.

కోర్టులు కూడా ఈ సాక్ష్యాన్ని జాగ్రత్తగానే చూస్తాయి. గొంతు గుర్తింపు అంత నమ్మదగింది కాదు, ఆచితూచి తీసుకోవాలని 2011లో నీలేష్ పరాద్కర్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. అలాగని "ప్రాబబుల్" అంటే ఏమీ లేనట్టే అని కూడా అనుకోకండి. కాల్ డేటా, టవర్ లొకేషన్, ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నది మీ బావగారి వైపే చూపిస్తే, ఆ బలహీనమైన సాక్ష్యం కూడా బరువెక్కుతుంది, పైన లెక్కలో చూశారు కదా.

ఆ ఫోన్ గానీ సిమ్ గానీ ఇంట్లో ఇంకెవరైనా వాడేవారా, మీ బావగారికి అన్నదమ్ములు ఉన్నారా అన్నది ఇక్కడ పబ్లిక్‌గా రాయకండి, లాయరుగారికి చెప్పండి. ఉంటే, వాళ్ల గొంతుతో పోల్చారా అని ఎఫ్‌ఎస్‌ఎల్ నిపుణుడిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగొచ్చు. రిపోర్టులో కొలతల అనుబంధం ఉంటే, పేర్లు, కేసు నంబరు కొట్టేసి ఆ పేజీ ఒక్కటి పెట్టండి, చూసి చెబుతాను.